పని ఉన్నప్పుడే ‘అక్కా’ అని పిలిచే సహోద్యోగితో మర్యాద చెడకుండా ఎలా మసలుకోవాలి?

తెల్లకాగితం (సోమవారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. విషయం చిన్నదే కానీ కొన్ని నెలలుగా నా మనసును తొలుస్తోంది. మా కార్యాలయంలో మా విభాగంలోనే పనిచేసే ఒకాయన ఉన్నారు. నాకంటే నాలుగైదేళ్లు చిన్నవారు. మామూలు రోజుల్లో నేను ఎదురుపడితే ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోతారు, తప్పనిసరైతే ‘మేడమ్’ అంటారు. నెలాఖరు దగ్గరపడి, ఆయన తయారుచేయవలసిన ఖర్చుల నివేదికలో మొత్తాలు సరిపోలనప్పుడు మాత్రం ఆ ‘మేడమ్’ కాస్తా ‘అక్కా’ అవుతుంది.

పోయిన నెల వచ్చిన సందేశాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ‘శుభోదయం అక్కా! మిమ్మల్ని పలకరించి ఎన్ని రోజులైందో! ఒంట్లో కులాసాయేనా? అబ్బాయి పరీక్షలు బాగా రాశాడా?’ నేను సంతోషంగా నాలుగు వాక్యాలు జవాబు రాశాను. సరిగ్గా మూడు నిమిషాల తర్వాత, నేను రాసినదాని గురించి ఒక్క మాట కూడా లేకుండా, ‘ఒక్క చిన్న సాయం అక్కా’ అంటూ రెండు పట్టికలు పంపారు. ఆ చిన్న సాయానికి నాకు గంటన్నర పట్టింది. మర్నాడు మెట్ల దగ్గర నేనే ముందుగా నవ్వితే, ఆయన నన్ను చూడనట్టే దాటిపోయారు.

ఆ పని చేయడం నాకు కష్టం కాదు, లెక్కలు సరిచూడటం నాకు ఇష్టమే. నాకు బాధ కలిగిస్తున్నది ఆ పలకరింపే. మా అబ్బాయి పరీక్షల సంగతి ఆయన నిజంగా తెలుసుకోవాలనుకోలేదని తెలిసిన క్షణంలో, నేను రాసిన నాలుగు వాక్యాలకూ సిగ్గుపడ్డాను. రోజూ ముఖాలు చూసుకోవలసిన చోట గొడవపడలేను, అలాగని ఇలా వాడుకోబడుతూ ఉండలేను. ఏం చేయమంటారు?

సూటిమాట (సోమవారం, రాత్రి 9:32)

‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇటువంటివారికి మర్యాద అనేది అర్థంకాని భాష. ఈసారి ‘అక్కా’ అనగానే, ‘నెలలో మిగిలిన ఇరవై తొమ్మిది రోజులూ ఈ అక్క ఎక్కడికి పోయింది?’ అని నేరుగా అడగండి. ఒక్కసారి మనసు నొచ్చుకుంటారు, ఆ తర్వాత మళ్లీ మీ జోలికి రారు. మీకు కావలసింది కూడా అదే కదా?

తెల్లకాగితం (సోమవారం, రాత్రి 9:50)

సూటిమాట గారూ, మీ ఆవేదన నాకు అర్థమైంది. అయితే ఆయన నా జోలికి రాకుండా పోవడం నాకు కావలసింది కాదు. మా ఇద్దరి బల్లల మధ్య దూరం పది అడుగులు కూడా ఉండదు. ఆ మాట అన్నాక ఆ పది అడుగుల్లో రోజూ గడపవలసింది నేనే.

నిదానం (మంగళవారం, ఉదయం 6:45)

నేను చాలా ఏళ్లు ఉద్యోగుల మధ్య వచ్చే తగాదాలను వినే బాధ్యతలో పనిచేశాను. వాటిలో పెద్ద తగాదాల కంటే ఇటువంటి చిన్న నొప్పులే ఎక్కువ. సలహా చెప్పే ముందు మిమ్మల్ని మూడు విషయాలు అడగాలి. ఆయన మీతో మాత్రమే ఇలా ఉంటారా, అందరితోనూ అంతేనా? పని ముగిశాక కృతజ్ఞత చెబుతారా? మీరు ఆయనను ఎప్పుడైనా ఏదైనా సాయం అడిగారా?

మరొక మాట. మన జ్ఞాపకం బాధ కలిగినవాటినే ఎంచి దాచుకుంటుంది. అందుకని వీలుంటే పాత సందేశాలను ఒకసారి వెనక్కి జరిపి, పని అడగకుండా వచ్చినవి ఎన్ని, పనితో వచ్చినవి ఎన్ని అని లెక్కపెట్టి చూడండి. మన అనుమానం నిజమో కాదో తేల్చుకోవడానికి అంతకంటే నిజాయితీ గల మార్గం నాకు తెలియదు.

తెల్లకాగితం (మంగళవారం, రాత్రి 8:20)

నిదానం గారూ, మీరు చెప్పినట్టే కూర్చుని లెక్కపెట్టాను. గడిచిన ఆరు నెలల్లో ఆయన నుంచి పలకరింపుతో మొదలైన సందేశాలు పదకొండు వచ్చాయి. వాటిలో పది పనితో ముగిశాయి. పదకొండవది నాకు జ్వరం వచ్చి సెలవు పెట్టినప్పటిది, ‘త్వరగా కోలుకోండి మేడమ్’ అని ఉంది. నిజం చెప్పాలంటే ఆ సందేశం వచ్చిన సంగతే నేను మరిచిపోయాను.

మిగిలిన ప్రశ్నలకు: ఆయన అందరితోనూ ముభావంగానే ఉంటారు. పని ముగిశాక ‘ధన్యవాదాలు’ అని ఒక్క మాట పంపుతారు. నేను ఆయనను ఇంతవరకు ఏ సాయమూ అడగలేదు, మొహమాటం.

ఏటిగట్టు (మంగళవారం, రాత్రి 9:05)

ఆ మొహమాటమే మీ సమస్యకు మూలం, దానికి విరుగుడు కూడా ఉంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెన్సిల్వేనియా శాసనసభలో గుమాస్తాగా ఉన్నప్పుడు, ఒక కొత్త సభ్యుడు ఆయనను వ్యతిరేకిస్తూ ప్రసంగించాడు. ఫ్రాంక్లిన్ ఆ మనిషిని బతిమాలలేదు. అతని దగ్గర ఒక అరుదైన పుస్తకం ఉందని విని, కొన్ని రోజులు అరువు ఇవ్వమని చీటీ రాశాడు. పుస్తకం వెంటనే వచ్చింది, వారం రోజుల్లో కృతజ్ఞతతో తిరిగి పంపాడు. అప్పటి నుంచి ఆ సభ్యుడు ఎంతో మర్యాదగా మాట్లాడసాగాడు, వారి స్నేహం చివరిదాకా నిలిచింది. మీరు కూడా ఆయనను ఒక చిన్న సాయం అడగండి. ఆయన పలకరింపులు వాటంతట అవే నిజమైనవిగా మారిపోతాయి.

తీరిక లేని తండ్రి (బుధవారం, ఉదయం 7:15)

మా బంధువు ఒకాయన కూడా అచ్చంగా ఇంతే. ఫోన్ చేసి అందరి యోగక్షేమాలూ పేరుపేరునా అడిగాడంటే అప్పు అడగబోతున్నాడని మా ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. నా సలహా ఏమిటంటే, డబ్బు ఇచ్చేటప్పుడు తప్పకుండా కాగితం రాయించుకోండి, తిరిగి ఇచ్చే తేదీ కూడా వేయించండి. రెండుసార్లు తేదీ దాటితే ఆ తర్వాత ఇవ్వకండి.

తెల్లకాగితం (బుధవారం, ఉదయం 7:40)

మీరు పడిన ఇబ్బంది అర్థమైందండీ. అయితే మా మధ్య డబ్బు ప్రసక్తి లేదు. ఆయన అడిగేది నా సమయం, దానికి కాగితం రాయించుకోలేను కదా. తిరిగి ఇవ్వగలిగిన అప్పు కూడా కాదు అది.

నిదానం (బుధవారం, సాయంత్రం 6:30)

తెల్లకాగితం గారూ, మీరు లెక్కపెట్టి చూసినందుకు సంతోషం. ఆ పదకొండవ సందేశాన్ని పక్కన పెట్టకండి, దాని సంగతికి తర్వాత వస్తాను.

ఆయన పంపేది చూడటానికి ఒకే సందేశం, కానీ అందులో రెండు వేర్వేరు విషయాలు ఉన్నాయి. ఒకటి పలకరింపు, రెండోది కోరిక. మీరు ఆ రెండింటికీ కలిపి ఒకే జవాబు ఇస్తున్నారు. పలకరింపులోని ఆప్యాయతకు కరిగి, ఆ కరగడంలోనే కోరికకు కూడా ఒప్పుకుంటున్నారు. ఆ తర్వాత కోరికను చూసి నొచ్చుకుని, పలకరింపు కూడా అబద్ధమని తేల్చేస్తున్నారు. వాటిని విడదీయండి. పలకరింపుకు పలకరింపు వరకే జవాబు ఇవ్వండి, కోరికను మీ పని భారాన్ని బట్టి తూచండి.

ఆచరణలో అది ఇలా ఉంటుంది. ‘ఒంట్లో కులాసాయేనా అక్కా’ అని రాగానే, ‘బాగున్నానండీ, మీరు కూడా బాగున్నారని తలుస్తాను. ఏమైనా పని పడిందా, చెప్పండి’ అని రాయండి. ఇందులో ఎత్తిపొడుపు ఉండకూడదు, తలుపు తీసి లోపలికి రమ్మన్నంత మామూలుగా ఉండాలి. దీనివల్ల కోరిక ముందే బయటికి వస్తుంది. మీరు అబ్బాయి పరీక్షల గురించి నాలుగు వాక్యాలు రాసి, మనసు తెరిచి, ఆ తర్వాత కోరిక విని చిన్నబోవలసిన పరిస్థితి రాదు. అడగడానికి సంకోచిస్తున్న మనిషికి కూడా అది సులువు. చాలామంది చుట్టూ తిరిగి మాట్లాడేది మోసగించాలని కాదు, నేరుగా అడిగితే మోటుగా ఉంటుందేమోనని.

కోరిక విన్నాక వెంటనే ఒప్పుకోకండి, వెంటనే కాదనకండి. ‘సాయంత్రం నాలుగింటికల్లా చెబుతాను’ అనండి, నాలుగింటికి తప్పకుండా చెప్పండి. ఒప్పుకుంటే హద్దు చెప్పి ఒప్పుకోండి. ‘పట్టికలు పంపండి, చూస్తాను’ అన్నది హద్దులేని మాట. ‘రేపు పదకొండింటికి నా దగ్గర ఇరవై నిమిషాలు ఉన్నాయి, మీరు వస్తే కలిసి చూద్దాం’ అన్నది హద్దున్న మాట. కుదరనప్పుడు మాత్రం కారణాల జాబితా ఇవ్వకండి. ‘ఇవాళ సమావేశం ఉంది’ అంటే ‘అయితే రేపు చూడండి’ అంటారు, ‘రేపు సెలవు’ అంటే ‘ఎల్లుండి చాలు’ అంటారు. మీరు ఇచ్చిన ప్రతి కారణమూ ఆయన పరిష్కరించవలసిన చిక్కుగా మారుతుంది. ‘ఈ నెల నాకు కుదరదండీ, ఏమనుకోకండి’ అన్న ఒక్క వాక్యంలో పరిష్కరించడానికి ఏమీ ఉండదు.

ఏటిగట్టు గారికి ఒక మాట. మీరు చెప్పిన సంఘటన నిజమే, ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో స్వయంగా రాసుకున్నాడు. అయితే అందులో మనసు మారింది సాయం చేసినవాడికి. ఆ లెక్కన ఇక్కడ మనసు మెత్తబడుతున్నది తెల్లకాగితం గారిదే. పదిసార్లు సాయం చేశారు కనుకనే ఆయనను పూర్తిగా కాదనుకోలేకపోతున్నారు. అందుకని ఆవిడ సాయం అడగడం వృథా అని కాదు. అడిగితే ఆయన స్పందించే తీరు తెలుస్తుంది. కానీ దానితోనే మనిషి మారిపోతాడని ఆశ పెట్టుకుంటే మళ్లీ నొచ్చుకోవలసి వస్తుంది.

ఏటిగట్టు (బుధవారం, రాత్రి 8:00)

సాయం చేసినవాడి మనసే మారిందన్నది నేను గమనించలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా ఇద్దరి మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే సాగితే ఆ బంధం కుంటుపడుతుందన్న నా అభిప్రాయం మాత్రం మారలేదు.

కిటికీపక్క (బుధవారం, రాత్రి 11:20)

ఈ చర్చ చదువుతుంటే నాకు ముఖం చెల్లడం లేదు, ఎందుకంటే మీరు వర్ణిస్తున్న మనిషిని నేనే. మీ సహోద్యోగిని కాను, కానీ అదే రకం.

ఊరికే వెళ్లి ఎవరితోనైనా మాట కలపడం నాకు చేతకాదు. ‘ఎలా ఉన్నారు’ అని అడిగాక తర్వాతి మాట ఏమిటో తోచదు. అందుకే ఎదురుపడినప్పుడు ఫోన్ చూసుకుంటాను, చాలాసార్లు ఆ తెరమీద ఏమీ ఉండదు. పని ఉన్నప్పుడు మాత్రం మాట్లాడటానికి ఒక కారణం దొరుకుతుంది, ధైర్యం వస్తుంది. నేరుగా పని అడిగితే బాగుండదని ముందు నాలుగు మంచి మాటలు చేరుస్తాను. ఆ మంచి మాటలే ఎదుటివారికి ఎర వేసినట్టు కనిపిస్తాయని, నా స్నేహితురాలు ఒకరోజు ఏడుస్తూ చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ‘నువ్వు మా అమ్మ ఆరోగ్యం గురించి అడిగితే నాకు భయమేస్తోంది, తర్వాత ఏం అడుగుతావోనని.’

అప్పటి నుంచి పని ఉంటే మొదటి వాక్యంలోనే పని చెబుతున్నాను, యోగక్షేమాలు పని అయ్యాక అడుగుతున్నాను. ఆ వరుస మార్చినందుకే మా మధ్య చాలా తేలిక కలిగింది. మీ సహోద్యోగి నాలాంటివారో, లేక నిజంగానే లెక్కలు వేసుకునే మనిషో నేను చెప్పలేను. ఆ జ్వరం నాటి సందేశంలో మాత్రం ‘అక్కా’ అని లేదు, ‘మేడమ్’ అనే ఉంది. అది చూసి నాకు ఆశ కలిగింది.

నిదానం (గురువారం, ఉదయం 6:50)

నేను తర్వాత వస్తానన్న మాట కిటికీపక్క గారే చెప్పేశారు. ఆయన సహజమైన పిలుపు ‘మేడమ్’. ‘అక్కా’ అన్నది పని కోసం తొడుక్కునే చొక్కా. పని ఏమీ లేకుండా తన సహజమైన పిలుపుతో ఒక్కసారైనా పలకరించారు. బహుశా ఆయన ఆప్యాయత అంతవరకే కావచ్చు, కానీ అది నకిలీ కాదు.

సూటిమాట (గురువారం, ఉదయం 9:15)

పదకొండింటిలో ఒకటి! దాన్ని పట్టుకుని మనిషి మంచివాడని తేల్చడం నాకు మింగుడుపడటం లేదు. సిగ్గరి అయితే నెలాఖరున ఆ సిగ్గు ఎక్కడికి పోతోంది? కిటికీపక్క గారికి కూడా వారి స్నేహితురాలు చెప్పబట్టే కదా తెలిసింది. ఆవిడ ఏడ్చి చెప్పింది, నేను ఏడవకుండా చెప్పమంటున్నాను, అంతే తేడా.

కిటికీపక్క (గురువారం, ఉదయం 10:02)

సూటిమాట గారూ, మీరన్నది నిజమే, చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. కానీ ఆమెకు నామీద ఇరవై ఏళ్ల చనువు ఉంది. అదే మాట కార్యాలయంలో ఎవరైనా అని ఉంటే నేను దిద్దుకునేదాన్ని కాదు, ముడుచుకుపోయేదాన్ని.

తెల్లకాగితం (మూడు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 3:30)

నెలాఖరు వచ్చి వెళ్లింది. ఏం జరిగిందో చెబుతానని నాలో నేను అనుకున్నాను, అందుకే రాస్తున్నాను.

మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. ఆయన ఈసారి సందేశం పంపకుండా నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, ‘అక్కా, ఎలా ఉన్నారు?’ అన్నారు. నేను తల ఎత్తకుండానే ‘ఏమైనా పని ఉందా?’ అనేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. ‘పని ఉంటేనే పలకరించాలా అక్కా?’ అని వెనక్కి వెళ్లిపోయారు. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. కాగితం మీద సరిగ్గా ఉన్న మాట నా నోట ఎందుకు అలా వచ్చిందో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. ఆయన పలకరింపుకు నేను జవాబే చెప్పలేదు. ‘బాగున్నాను’ అన్న మాట ఎగిరిపోయి, ప్రశ్న ఒక్కటే మిగిలింది.

మర్నాడు నేనే వెళ్లి, ‘నిన్న పనిలో మునిగి సరిగ్గా పలకలేదండీ, నేను బాగున్నాను. మీ నివేదిక ఎంతవరకు వచ్చింది?’ అని అడిగాను. ఆయన కాసేపు తటపటాయించి, మొత్తాలు మళ్లీ తేడా వస్తున్నాయని చెప్పారు. పదకొండింటికి ఇరవై నిమిషాలు ఉన్నాయని, పట్టికలు తెరుచుకుని ఉంచమని చెప్పాను. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను కానీ మౌస్ ముట్టుకోలేదు. చేయి అటు పోబోతే రెండుసార్లు వెనక్కి తీసుకున్నాను.

తప్పు ఎక్కడుందంటే, ఒక వరుసలోని అంకెలన్నీ గడికి ఎడమవైపు అంటుకుని ఉన్నాయి. అంకెలైతే వాటంతట అవి కుడివైపు చేరతాయి, ఎడమవైపు ఉన్నాయంటే కంప్యూటర్ వాటిని అక్షరాలుగా చదువుతోందన్నమాట, అందుకే కూడికలో కలవడం లేదు. వేరే చోటి నుంచి తెచ్చి అతికించినప్పుడు అలా జరుగుతుంది. గత నెలలన్నిటిలోనూ నేను సరిచేసి పంపినది దాదాపు ఇదే తప్పు. ఒక్కసారి కూడా చూపించకుండా సరిచేసి పంపానని అప్పుడు స్ఫురించింది. ఆయన ప్రతి నెలా నా దగ్గరికి రావడానికి అది కూడా ఒక కారణమే కదా.

పద్దెనిమిది నిమిషాల్లో పని ముగిసింది. ‘ధన్యవాదాలు మేడమ్’ అన్నారు. ‘అక్కా’ అనకపోవడం నాకు ఎందుకో హాయిగా అనిపించింది.

నిదానం (ఆదివారం, సాయంత్రం 5:10)

మీరు మర్నాడు వెళ్లి మొదటి మాటను సరిదిద్దుకోవడం నేను చెప్పిన సలహా కంటే మేలైన పని. నేను సందేశాలను దృష్టిలో పెట్టుకునే ఆ వాక్యం రాశాను. ఎదురుగా ఉన్నప్పుడు చేతిలో పని ఆపి, ముఖం చూసి, పలకరింపు ముగిశాక ఒక క్షణం ఆగి అడగాలని చెప్పి ఉండవలసింది.

ఏటిగట్టు (ఆదివారం, సాయంత్రం 6:00)

ఇంతకీ మీరు ఆయనను ఏదైనా సాయం అడిగారా?

తెల్లకాగితం (ఆదివారం, సాయంత్రం 6:25)

అడిగానండీ. మా గదిలో ముద్రణ యంత్రం మొరాయిస్తే, ఆయనకు తెలుసని విని పిలిచాను. వచ్చారు, బాగుచేశారు, ఒక్క మాట కూడా అదనంగా మాట్లాడకుండా వెళ్లిపోయారు. మనిషి మారినట్టు లేదు, కానీ అడిగిన వెంటనే వచ్చారు. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు ఇంకా తెలియలేదు.

మరొక చిక్కు వచ్చింది. మా విభాగంలోకి కొత్తగా ఒక కుర్రవాడు చేరాడు. మొన్న ఈయన ఆ అబ్బాయి భుజం మీద చేయి వేసి, ‘తమ్ముడూ, ఇంటి దగ్గర అందరూ బాగున్నారా?’ అని అడగడం విన్నాను. ఆ అబ్బాయి ముఖం వెలిగిపోయింది. తన ఇంటి సంగతులన్నీ చెప్పుకొస్తున్నాడు. ముందే హెచ్చరించనా, ఊరుకోనా?

సూటిమాట (ఆదివారం, సాయంత్రం 6:40)

హెచ్చరించండి. మీకు ఆరు నెలలు పట్టిన సంగతి ఆ అబ్బాయికి ఆరు నిమిషాల్లో తెలుస్తుంది. తెలిసీ ఊరుకోవడం అన్యాయం.

కిటికీపక్క (ఆదివారం, రాత్రి 7:15)

వద్దండీ. ఆ పలకరింపు ఈసారి నిజమైనదే అయితే, మీ మాటతో అది మొలకలోనే వాడిపోతుంది.

నిదానం (ఆదివారం, రాత్రి 9:30)

ఇద్దరి మాటలోనూ నాకు న్యాయం కనిపిస్తోంది, ఏది సరైనదో నేను తేల్చలేను. నేనైతే ఆయన గురించి ఏమీ చెప్పను. ఎడమవైపు అంటుకున్న అంకెల సంగతి మాత్రం ఆ అబ్బాయికి రేపే చూపిస్తాను.

తెల్లకాగితం (సోమవారం, రాత్రి 8:45)

ఇవాళ చూపించాను. ‘ఇది నాకు పొద్దున్నే చెప్పారండీ’ అన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే, ఆయన బల్ల వైపు చూపించాడు.